డేటా లీక్ ఉత్తరం: "ఉండవచ్చును" తీసేసి ఉన్నది ఉన్నట్టు చెప్పడం

ప్రశ్న: మాది మూడు ఊళ్ళలో బ్రాంచీలున్న డయాగ్నొస్టిక్ సెంటర్. పేషెంట్లకు రిపోర్టు లింకు ఎస్సెమ్మెస్‌లో పంపుతాం. వెండర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినప్పుడు ఏదో తప్పు జరిగి, లింకు చివర నంబరు మారిస్తే వేరేవాళ్ళ రిపోర్టు తెరుచుకునేది. మార్చి 4 నుంచి 21 దాకా అలాగే ఉంది. 21న ఒక పేషెంటే ఫోన్ చేసి చెప్పారు, అదే రోజు ఆపేశాం. మొత్తం 9,600 మంది రిపోర్టులు. ఎవరు ఏ రిపోర్టు తెరిచారో చూపే లాగ్స్ చివరి 7 రోజులవే మిగిలాయి. వాటిలో ఒకే చోటి నుంచి 412 రిపోర్టులు వరసగా తెరిచినట్టు ఉంది. 230 మంది రిపోర్టుకు ఇన్సూరెన్స్ కోసం తీసుకున్న ఆధార్ కాపీ కూడా జతై ఉంది. లీగల్ వాళ్ళు ఇచ్చిన డ్రాఫ్ట్ ఇది. మామూలు జనానికి అర్థమయ్యేలా దీన్ని ఎలా మార్చాలి?

> "ప్రియమైన విలువైన కస్టమర్, మీ డేటా గోప్యతకు మేము అత్యంత ప్రాధాన్యతనిస్తాము. ఇటీవల ఒక థర్డ్ పార్టీ వెండర్ నిర్వహించు ప్లాట్‌ఫామ్‌లో భద్రతా సంఘటన గుర్తించబడినది. దీని వలన పరిమిత సంఖ్యలో కస్టమర్ల యొక్క కొంత వ్యక్తిగత సమాచారం ప్రభావితమై ఉండవచ్చును. సమాచారం దుర్వినియోగమైనట్లు ఎటువంటి ఆధారాలు లేవు. అప్రమత్తంగా ఉండవలసినదిగా, మీ పాస్‌వర్డ్‌లు మార్చుకొనవలసినదిగా సూచిస్తున్నాము. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

సమాధానం:

బ్యాంకుల నుంచి, ఆసుపత్రుల నుంచి కస్టమర్లకు వెళ్ళే ఉత్తరాలు రాయడం పన్నెండేళ్ళుగా నా పని. డేటా బయటికి పోయినప్పుడు రాసే ఉత్తరాలు కూడా వాటిలో కొన్ని ఉన్నాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను. భాష సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు "ఉండవచ్చును" అన్న మాట దగ్గర ఆగండి. ఈ ఉత్తరం అర్థం కాకపోవడానికి అసలు కారణం ఆ మాటే.

మీ 9,600 మందిలో ఒక్కొక్కరి విషయంలో నిజం ఒక్కో రకంగా ఉంది. కొందరి రిపోర్టు ఎవరో తెరిచారని మీకు ఖాయంగా తెలుసు. కొందరిది తెరిచారో లేదో మీరెప్పటికీ చెప్పలేరు. ఇంకొందరిది ఎవరూ తెరవలేదని కూడా చెప్పగలరేమో. ఈ ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం రాయాలని కూర్చున్నారు కాబట్టి "ప్రభావితమై ఉండవచ్చును" అనక తప్పలేదు. చదివేవాళ్ళకు కావాల్సింది "నాది పోయిందా లేదా" అన్న ఒక్క ముక్క. అది మీ దగ్గర ఉండి కూడా ఉత్తరంలోకి రాలేదు. అమెరికాలో మేరీలాండ్ ప్రజలకు వెళ్ళిన ఇలాంటి 161 నోటీసులను చదివి పరిశోధకులు 2019లో ఒక అధ్యయనం వెలువరించారు. వాళ్ళకు కనపడిన లోపాల్లో ఇదీ ఒకటి: "కావచ్చు, ఉండవచ్చు" అని సంగతిని పలచన చేయడం.

కాబట్టి పెన్ను పట్టే ముందు మీ ఐటీ వాళ్ళతో ఒక గంట కూర్చోండి. లాగ్స్ 7 రోజులవే ఉన్నాయన్నారు, అంటే మార్చి 15 నుంచి 21 వరకు. మార్చి 4 నుంచి 14 దాకా 11 రోజులు చీకటి. ఆ 11 రోజుల్లో సైట్లో ఉన్న ప్రతి రిపోర్టు విషయంలోనూ మీకు తెలిసేది ఏమీ లేదు. కానీ మార్చి 15న గానీ ఆ తర్వాత గానీ తయారైన రిపోర్టులు పుట్టిన దగ్గర నుంచీ లాగ్స్‌లో ఉన్నాయి. వాటిలో సొంత పేషెంటు తప్ప ఇంకెవరూ తెరవనివి ఐటీ వాళ్ళు ఒక్కొక్కటిగా చూసి తీయగలిగితే, ఆ కుటుంబాలకు "మీ రిపోర్టు వేరేవాళ్ళు చూడలేదు" అని రాయొచ్చు. అది వాళ్ళకు ఎంత ఊరటో ఆలోచించండి. అలా తీయలేకపోతే వాళ్ళను "చెప్పలేం" అన్న గుంపులోనే ఉంచండి. ఊరట కోసం నిజాన్ని సాగదీయకూడదు.

ఇంకొకటి. ఫోన్ చేసి చెప్పిన ఆ పేషెంటు ఎవరిదో ఒక రిపోర్టు చూసే కదా చెప్పారు! ఆ రిపోర్టు మీ 412లో ఉందా? ఉండకపోవచ్చు, ఎందుకంటే 412 అనేది ఒకే చోటి నుంచి వరసగా తెరిచినవాటి లెక్క. పొరపాటున ఒక అంకె తప్పు కొట్టి పక్కవాళ్ళ రిపోర్టు చూసినవాళ్ళు ఆ లెక్కలోకి రారు. రిపోర్టు తెరిచింది ఒక్కరే అయినా చూసినట్టే. ఆ నంబరు సరిచేసుకోకుండా ఉత్తరం పంపితే, రేపు 413వ మనిషి వచ్చి అడిగినప్పుడు మీ ఉత్తరం మొత్తం అబద్ధమవుతుంది.

ఈ పని అయ్యాక మీ చేతిలో రెండు ప్రశ్నలకు జవాబులుంటాయి: వేరేవాళ్ళు తెరిచారా, తెలియదా, ఆధార్ కాపీ ఉందా, లేదా. దాన్నిబట్టి నాలుగు రకాల ఉత్తరాలు, మూడో గుంపు తేలితే ఇంకో చిన్న ఉత్తరం. భయపడకండి, ఒకటి రాస్తే మిగతావాటిలో మారేది రెండు మూడు పేరాలే.

ఇక డ్రాఫ్టులోని మాటలు. "మీ గోప్యతకు అత్యంత ప్రాధాన్యతనిస్తాము" అన్న మొదటి వాక్యం తీసేయండి. రిపోర్టు బయటపడ్డ మనిషికి ఆ మాట చదవగానే ఒళ్ళు మండుతుంది. "థర్డ్ పార్టీ వెండర్" కూడా వద్దు. పేషెంటు రక్తం ఇచ్చింది మీ బ్రాంచిలో, నంబరు చెప్పింది మీ కౌంటర్లో. వెండర్ ఎవరో వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం కూడా, మీ తరఫున వేరేవాళ్ళు డేటా చూస్తున్నా బాధ్యత మీదే. అందుకని "మా సాఫ్ట్‌వేర్", "మా తప్పు" అని రాయండి.

"ప్రభావితం" గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒకసారి ఇలాంటి డ్రాఫ్టునే ఒక ఆసుపత్రి క్యాంటీన్‌లో పనిచేసే అక్కకు చదివి వినిపించాను. "ప్రభావితమైంది అంటే, నాకు ఏదో సోకిందా?" అని అడిగింది. ఆమెకు తెలుగు బాగా వచ్చు, రోజూ పేపర్ చదువుతుంది. ల్యాబ్ నుంచి ఉత్తరం వస్తే ఎవరి బుర్రైనా ముందు పోయేది జబ్బు వైపే. "మీ రిపోర్టుకు సంబంధించిన ముఖ్య సమాచారం" అని పైన పెట్టారంటే, రిజల్ట్ తప్పొచ్చిందనో, మళ్ళీ టెస్ట్ చేయాలనో అనుకుంటారు. షుగర్, క్రియాటినిన్ టెస్టులు చేయించుకున్న పెద్దవాళ్ళకు ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే మీ ఉత్తరంలో మొట్టమొదటి వాక్యం "మీ ఫలితాలు సరైనవే" అని ఉండాలి. అయితే అది రాసే ముందు ఐటీ వాళ్ళను అడగండి: ఆ లింకుతో చూడటం మాత్రమే వీలయ్యేదా, మార్చడానికి కూడా వీలుందా? చూడటమేనని రాతపూర్వకంగా చెప్పాకే ఆ వాక్యం పెట్టండి.

"దుర్వినియోగమైనట్లు ఆధారాలు లేవు" అన్నది ఈ డ్రాఫ్టులో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం. వినేవాళ్ళు దాన్ని "ఏం కాలేదు" అని అర్థం చేసుకుంటారు. మీ దగ్గర ఆధారాలు లేకపోవడానికి కారణం 11 రోజుల రికార్డు లేకపోవడం. పైగా 412 మంది విషయంలో ఎవరో వరసపెట్టి తెరిచారన్న ఆధారం ఉంది కూడా. రికార్డు ఎన్ని రోజులకు ఉంది, ఎన్ని రోజులకు లేదు అని రాయండి, చాలు. చదివేవాళ్ళు తమ జాగ్రత్త తాము ఎంచుకుంటారు.

పాస్‌వర్డ్ మార్చుకోమన్న సలహా తీసేయండి. మీ రిపోర్టు లింకుకు పాస్‌వర్డే లేదు కదా, గొడవంతా అక్కడే వచ్చింది. పైగా పాస్‌వర్డ్ మార్చుకోమంటే జనం జీమెయిల్‌దో, బ్యాంకు యాప్‌దో మార్చి, ఇక భయం లేదనుకుంటారు. అసలు రావాల్సిన ప్రమాదం ఫోన్ రూపంలో వస్తుంది. దాని గురించి ఒక్క ముక్క కూడా డ్రాఫ్టులో లేదు.

ఆ ప్రమాదం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. ఒక పెద్దాయనకు ఫోన్ వస్తుంది. "మీరు ఈ నెల పదకొండున మా ల్యాబ్‌లో థైరాయిడ్ టెస్ట్ చేయించుకున్నారు కదండీ, ఫలానా డాక్టర్ గారు రాశారు. టీఎస్‌హెచ్‌లో తేడా వచ్చింది, ఉచితంగా మళ్ళీ చేస్తాం, బుకింగ్ కోసం ఈ ఫైల్ ఇన్‌స్టాల్ చేసుకోండి." తేదీ నిజం, టెస్ట్ నిజం, డాక్టర్ పేరు నిజం. నమ్మకుండా ఎలా ఉంటారు? ఆ ఏపీకే ఫైల్ ఫోన్లో పడితే ఓటీపీలు చదివేస్తుంది. కాబట్టి మీ ఉత్తరం చెప్పాల్సిన ముఖ్యమైన జాగ్రత్త ఇది: *మీ టెస్ట్ వివరాలు సరిగ్గా చెప్పినంత మాత్రాన ఆ ఫోన్ మా దగ్గర నుంచి వచ్చినట్టు కాదు.* "అప్రమత్తంగా ఉండండి" అంటే ఎవరికీ ఏమీ తట్టదు.

శీర్షికల విషయంలో కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. కాలిఫోర్నియాలో ఇలాంటి నోటీసుకు ఏ శీర్షికలుండాలో 2016 నుంచి చట్టమే చెబుతోంది: ఏం జరిగింది, ఏ సమాచారం, మేమేం చేస్తున్నాం, మీరేం చేయొచ్చు, వివరాలకు ఎవరు. మన దగ్గర 2025 నవంబరులో నోటిఫై చేసిన డేటా రక్షణ నిబంధనలు కూడా దాదాపు ఇవే అడుగుతున్నాయి, అదీ క్లుప్తంగా, స్పష్టంగా, ఆలస్యం లేకుండా అని. వాటిలో ఈ నిబంధన అమలుకు నోటిఫికేషన్ నుంచి 18 నెలల గడువు ఉంది. అయినా ఇప్పుడే ఆ తీరులో రాయడం అలవాటు చేసుకోండి. సైబర్ ఘటనలు చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లో ఇవ్వాల్సిన రిపోర్టు వేరే పని. ఆ కాగితంలో ఉండే భాషను ఇటు తేకండి. మీ డ్రాఫ్టు అక్కడి నుంచే పుట్టినట్టుంది.

ఇదిగో, "చెప్పలేం, ఆధార్ లేదు" అన్న గుంపుకు నేను రాసేది. మీ వాళ్ళలో ఎక్కువ మంది ఈ గుంపులోకే వస్తారు.

---

విషయం: మీ ల్యాబ్ రిపోర్టును వేరేవాళ్ళు చూసే వీలు కలిగింది

…………… గారికి, నమస్కారం.

మీ రిపోర్టులోని ఫలితాలు సరైనవే. వాటిలో ఏ మార్పూ జరగలేదు. కానీ మా తప్పు వల్ల 18 రోజుల పాటు మీ రిపోర్టును వేరేవాళ్ళు చూసే వీలు కలిగింది. మమ్మల్ని క్షమించండి.

ఏం జరిగింది

మేం మీకు ఎస్సెమ్మెస్‌లో పంపే రిపోర్టు లింకు చివర ఒక నంబరు ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు జరిగిన తప్పు వల్ల, మార్చి 4 నుంచి 21 వరకు ఆ నంబరు మారిస్తే ఇంకొకరి రిపోర్టు తెరుచుకునేది. మార్చి 21న ఒక పేషెంటు ఫోన్ చేసి చెబితే మాకు తెలిసింది. ఆ రోజే లింకులన్నీ ఆపేశాం.

మీ రిపోర్టును ఎవరైనా చూశారా

మేం ఖాయంగా చెప్పలేం. మార్చి 15 నుంచి 21 వరకు ఎవరు ఏ రిపోర్టు తెరిచారో మా దగ్గర రికార్డు ఉంది. ఆ రోజుల్లో మీ రిపోర్టును వేరేవాళ్ళు తెరవలేదు. మార్చి 4 నుంచి 14 వరకు రికార్డు మా దగ్గర లేదు. ఆ రోజుల్లో ఎవరైనా చూసి ఉంటే మేం కనిపెట్టలేం.

రిపోర్టులో మీవి ఏ వివరాలున్నాయి

మీ పేరు, వయసు, ఫోన్ నంబరు, టెస్ట్ చేయించుకున్న తేదీ, టెస్ట్ రాసిన డాక్టర్ పేరు, టెస్ట్ ఫలితాలు. మీ ఆధార్, బ్యాంకు, కార్డు వివరాలు అందులో లేవు.

మీరేం చేయాలి

ల్యాబ్ నుంచి, డాక్టర్ దగ్గర నుంచి, ఇన్సూరెన్స్ నుంచి అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే, మీ టెస్ట్ వివరాలు సరిగ్గా చెప్పినా నమ్మకండి. ఫోన్ పెట్టేసి, మీ పాత రిపోర్టు కాగితం మీద ఉన్న మా నంబరుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. మేం ఫోన్లో డబ్బు గానీ ఓటీపీ గానీ అడగం. ఏ ఫైలూ ఇన్‌స్టాల్ చేసుకోమని చెప్పం.

ఎవరైనా అలా మోసం చేసి డబ్బు తీసుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకు కూడా చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

పాస్‌వర్డ్‌లు మార్చుకోవాల్సిన అవసరం లేదు. టెస్ట్ మళ్ళీ చేయించుకోవాల్సిన అవసరం కూడా లేదు.

మేం ఏం చేస్తున్నాం

ఇప్పుడు రిపోర్టు చూడాలంటే మీ ఫోన్‌కు వచ్చే ఓటీపీ కొట్టాలి. ఎవరు తెరిచారన్న రికార్డును ఇకనుంచి ఏడాది పాటు దాచిపెడతాం.

మాతో మాట్లాడాలంటే

మీ రిపోర్టు కాగితం మీద ఉన్న నంబరుకు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఫోన్ చేయండి, లేదా మీరు టెస్ట్ చేయించుకున్న బ్రాంచికి రండి. ఈ పని చూస్తున్నవారి పేరు: ……………

---

"మేం ఏం చేస్తున్నాం" అన్న పేరాలో నేను ఊహించి రాశాను. మీరు నిజంగా చేసినవే అక్కడ పెట్టండి. "భద్రతను మరింత పటిష్ఠం చేస్తున్నాము" అని మాత్రం రాయకండి. చేసినది ఏమీ లేకపోతే, ముందు ఏదైనా చేసి ఆ తర్వాత రాయండి. అలాగే రిపోర్టులో ఏమేం ఉన్నాయన్న పేరా కూడా నా ఊహే. మీ రిపోర్టు ఒకటి ప్రింట్ తీసి పక్కన పెట్టుకుని పై గీత నుంచి కింది సంతకం దాకా వేలు పెట్టి చూడండి. హోమ్ కలెక్షన్ అయితే అడ్రసు కూడా ఉంటుంది, కొన్నిటి మీద పాత టెస్టుల ఫలితాలు పక్క వరసలో ఉంటాయి. వేలికి తగిలిన ప్రతిదీ ఉత్తరంలోకి రావాలి.

రిపోర్టు తెరిచారని తెలిసినవాళ్ళకు మూడో పేరా ఇలా మారుతుంది: "చూశారు. మార్చి ….న ఎవరో మీ రిపోర్టును తెరిచారు. మీదొక్కటే కాదు, అదే చోటి నుంచి 412 మంది రిపోర్టులు వరసగా తెరిచారు. ఆ మనిషి ఎవరో, కాపీ దాచుకున్నారో లేదో మాకు తెలియదు. పోలీసులకు ఫిర్యాదు చేశాం." మొదటి మాట "చూశారు" అని ఉండటం కష్టంగా అనిపిస్తుంది. అయినా అదే రాయండి. చుట్టూ తిప్పి చెబితే చదివేవాళ్ళు మూడుసార్లు చదివి, మూడోసారి అదే అర్థం చేసుకుని, దాచబోయారని కోపం కూడా తెచ్చుకుంటారు. ఫిర్యాదు వాక్యం కూడా నిజంగా ఇచ్చాకే పెట్టండి.

ఆధార్ కాపీ ఉన్నవాళ్ళకు రెండు పేరాలు మారతాయి. వివరాల పేరాలో చివరి వాక్యం తీసేసి, "ఇన్సూరెన్స్ కోసం మీరిచ్చిన ఆధార్ కాపీ కూడా రిపోర్టుకు జతై ఉంది" అని రాసి, అది వెనకా ముందూ రెండు వైపులా ఉన్న కాపీ అయితే అడ్రసు కూడా ఉందని చెప్పండి. ఇక్కడ జనానికి వచ్చే మొదటి భయం "నా ఖాతాలో డబ్బులు పోతాయా?" అన్నది. దానికి నేరుగా జవాబివ్వండి: "ఆధార్ కాపీ మీద వేలిముద్ర ఉండదు. ఆ కాపీ ఒక్కదానితో ఎవరూ మీ ఖాతాలోంచి డబ్బు తీయలేరు. కానీ మీ పేరు మీద సిమ్ గానీ అప్పు గానీ తీసుకోవడానికి ప్రయత్నించవచ్చు." ఆ తర్వాత చేయాల్సిన పనులు మూడు, ఈ వరసలోనే. మైఆధార్ వెబ్‌సైట్లో బయోమెట్రిక్స్ లాక్ చేసుకోవడం, దాంతో వేలిముద్రతో జరిగే లావాదేవీలు ఆగుతాయి. మీరు రేషన్‌కో బ్యాంకులోనో వేలిముద్ర పెట్టాల్సి వస్తే ముందుగా అన్‌లాక్ చేసుకోవాలని అక్కడే చెప్పాలి, లేకపోతే రేషన్ షాపులో ఇబ్బంది పడతారు. రెండోది, సంచార్ సాథీ వెబ్‌సైట్లో మీ పేరు మీద ఎన్ని మొబైల్ కనెక్షన్లున్నాయో చూసుకోవడం. మూడోది, రెండు నెలల తర్వాత ఒకసారి సిబిల్ రిపోర్టు చూసుకోవడం, ఏడాదికి ఒకటి ఉచితం. ఇవి చేసుకోవడం రాని పెద్దవాళ్ళు 230 మందిలో చాలామంది ఉంటారు. "ఫోన్ తీసుకుని బ్రాంచికి రండి, మా వాళ్ళు దగ్గరుండి చేసిపెడతారు" అని రాసి, నిజంగా ఒక మనిషిని కూర్చోబెట్టండి. నా దృష్టిలో మొత్తం ఉత్తరంలో ఎక్కువ మేలు చేసే వాక్యం అదే.

ఎస్సెమ్మెస్ విషయంలో రెండు చిక్కులున్నాయి. తెలుగు మెసేజ్ ఒక భాగంలో 70 అక్షరాలే పడతాయి, పొడుగు మెసేజ్ అయితే భాగానికి 67. లెక్క కూడా మనం చదివే అక్షరాలతో ఉండదు. "రిపోర్టు" అన్న మాట కంటికి మూడు అక్షరాలే. ఫోన్ లెక్కలో గుడులు, కొమ్ములు, ఒత్తులు విడివిడిగా లెక్కేసి ఎనిమిది. కాబట్టి ఉత్తరం మొత్తం ఎస్సెమ్మెస్‌లో ఇరికించకండి. ఇంతే పంపండి: "మీ ల్యాబ్ రిపోర్టును బయటివారు చూసే వీలు 18 రోజులు ఉంది. ఫలితం సరిగ్గానే ఉంది. వివరాలకు మీ రిపోర్టుపై ఉన్న మా నంబరుకు ఫోన్ చేయండి." మీ ల్యాబ్ పేరు కలిపినా మూడు భాగాల్లోపే సరిపోతుంది. లింకు పెట్టకండి. లింకు నమ్మొద్దని చెప్పడానికి లింకు పంపితే ఎవరు నమ్ముతారు? మెసేజ్ నమూనా టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్లో రిజిస్టర్ అయ్యాకే మెసేజ్ వెళ్తుంది. అందుకని ఈరోజే దానికి పెట్టేయండి, ఉత్తరం ఆలోపు సరిచేసుకోవచ్చు.

రెండో చిక్కు దీనికంటే పెద్దది. మీ దగ్గరున్న ఫోన్ నంబరు చాలా ఇళ్ళలో పేషెంటుది కాదు, భర్తదో కొడుకుదో. కోడలు చేయించుకున్న ప్రెగ్నెన్సీ టెస్ట్ గురించో, ఎవరిదో హెచ్‌ఐవీ టెస్ట్ గురించో మీ ఎస్సెమ్మెస్‌తోనే ఇంట్లో బయటపడితే, మొదటి లీక్ కంటే ఎక్కువ నష్టం మీ నోటీసే చేసినట్టు. టెస్ట్ పేరు ఎస్సెమ్మెస్‌లో గానీ కవరు మీద గానీ ఎక్కడా రాకూడదు. హెచ్‌ఐవీ టెస్టుల వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం ప్రత్యేకంగా చెబుతోంది కూడా. అలాంటి టెస్టుల జాబితా విడిగా తీసి, ఆ కొద్దిమందికి బ్రాంచిలో వాళ్ళకు తెలిసిన మనిషితో ఫోన్ చేయించండి. పేషెంటే లైన్లోకి వస్తేనే మాట్లాడాలి. వేరేవాళ్ళు ఎత్తితే "ల్యాబ్ నుంచండీ, వారు వీలు చూసుకుని బ్రాంచికి ఒకసారి ఫోన్ చేయమనండి" అని ఊరుకోవాలి.

మీ లీగల్ వాళ్ళు "మేం ఖాయంగా చెప్పలేం", "మా తప్పు" లాంటివి చూసి ఒప్పుకోకపోవచ్చు. వాళ్ళతో వాదన పెట్టుకోకుండా ఒక కాగితం మీద మూడు వరసలు గీయండి: ఉత్తరంలోని వాక్యం, దానికి ఆధారం, ఆ ఆధారం ఇచ్చిన మనిషి పేరు. నా ఉత్తరంలో ప్రతి వాక్యానికీ రెండో వరస నింపగలరు. వాళ్ళ డ్రాఫ్టులో "పరిమిత సంఖ్యలో" అన్నదాని పక్కన ఏం రాస్తారు? 9,600 మందిని పరిమితం అని ఎవరు సంతకం పెడతారు? నేను చేసిన చోట లాయర్లు ఈ కాగితం చూశాక మెత్తబడ్డారు, ఎందుకంటే తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తే వాళ్ళకు అక్కరకొచ్చేది కూడా అదే. ఒక్క చోట మాత్రం వాళ్ళ మాట వినండి: ఆ 412 తెరిచిన మనిషి గురించి "హ్యాకర్", "నేరస్తుడు" అని రాయొద్దంటారు. అది సరైనదే. మీకు తెలిసింది ఎవరో తెరిచారన్నంత వరకే.

పంపే ముందు ముగ్గురితో చదివించండి, ఆఫీసు వాళ్ళతో కాదు. మీ శాంపిల్ కలెక్ట్ చేసే అబ్బాయి వాళ్ళమ్మ, సెక్యూరిటీ ఆయన, ఎదురుగా మెడికల్ షాపులో కుర్రాడు, అలా. చదివాక కాగితం తీసేసుకుని మూడే అడగండి: ఏం జరిగింది? మీవి ఏమేం బయటపడ్డాయి? రేపు ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చేస్తారు? "అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. ఒకసారి నేను రాసిన ఉత్తరానికి మూడో ప్రశ్నలో ఇద్దరు "ఆ వచ్చిన నంబరుకే తిరిగి ఫోన్ చేస్తాం" అన్నారు. "మాకు ఫోన్ చేసి కనుక్కోండి" అని రాశాను, ఏ నంబరుకో రాయలేదు. అప్పటి నుంచి "మీ పాత రిపోర్టు కాగితం మీద ఉన్న నంబరు" అని రాస్తున్నాను. ఆ కాగితం ఇంట్లో బీరువాలో ఉంటుంది, దాన్ని ఏ మోసగాడూ మార్చలేడు.

ఉత్తరం వెళ్ళిన రోజు ఫోన్లు ఎత్తేవాళ్ళ ముందు ఇదే ఉత్తరం, ఎవరు ఏ గుంపులో ఉన్నారో తెలిపే జాబితా ఉండాలి. ఫోన్ చేసి పేరు చెప్పిన ప్రతివారికీ "మీ థైరాయిడ్ రిపోర్టేనండీ" అని చదివేస్తే మళ్ళీ లీకే. రిజిస్టర్ అయిన నంబరు నుంచి చేశారా, పుట్టిన సంవత్సరం సరిపోయిందా చూసుకుని, అప్పుడు కూడా "చూశారు", "చెప్పలేం" అన్నంత వరకే చెప్పమనండి. టెస్ట్ పేరు ఫోన్లో వద్దు. అది తెలుసుకోవాలంటే బ్రాంచికి రావాలి.